హాలు టైల్స్: ఏ బొమ్మను ఏ విషయంలో నమ్మాలి?

హన్మకొండలో గానీ కరీంనగర్‌లో గానీ టైల్స్ దుకాణానికి వెళితే, టైల్‌ను చేతికి ఇవ్వకముందే దాన్ని పరిచిన గది బొమ్మను కళ్ల ముందు పెడుతున్నారు. ఆ బొమ్మలు మూడు రకాలు. మొదటిది కంపెనీ కేటలాగులో వచ్చే ప్రివ్యూ, అంటే ఎవరిదో గదిలో ఆ టైల్ పరిచినట్టు తయారుచేసిన చిత్రం. రెండోది మన హాలు ఫొటో తీసి ఇస్తే ఫోనులోనో దుకాణం తెరమీదో నేలను మార్చి చూపేది. మూడోది మన ఇంటి కొలతలతో కంప్యూటర్‌లో కట్టిన త్రీడీ బొమ్మ. ఈ మూడో రకం గీసి ఇవ్వడమే నా జీవనాధారం కాబట్టి నేను దానివైపే మొగ్గుతానని మీరు అనుకోవచ్చు. కొన్ని ఇళ్లకు దాని అవసరమే లేదని ముందే చెప్పేస్తాను. నేలంతా ఒకే రంగు, గీతలూ మరకలూ లేని టైల్ వేయించుకునేవారు చేతిలోని శాంపిల్ చూసి కొనుక్కోవచ్చు. బొమ్మకు పెట్టే డబ్బు టైల్స్ మధ్య సందులు నింపే మంచి గ్రౌట్‌కు పెట్టుకోవడం మేలు.

చిక్కంతా పాలరాయి గీతలతో, మెరుపుతో వచ్చే 2 బై 4 అడుగుల టైల్స్ దగ్గరే వస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది హాలుకు అడిగేవి కూడా అవే. వీటి విషయంలో బొమ్మ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. జాయింట్ గీతలు ఎలా కనబడతాయి? మెరుపు ఎంత ఉంటుంది? ఒకే గీత నేలమీద ఎన్నిసార్లు తిరిగి వస్తుంది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో రకం బొమ్మ నిజం చెబుతుంది. మూడింటికీ నిజం చెప్పే బొమ్మ మాత్రం అరుదు.

ఒక ఇంటి లెక్కతో చూద్దాం. హన్మకొండలో ఒక కుటుంబం హాలు, పూతపని అయ్యాక 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. దంతపు రంగు మీద బూడిద గీతలున్న మెరిసే గ్లాసీ టైల్ ఒకటి, తాండూరు బండను పోలిన, మెరుపు లేని మ్యాట్ టైల్ ఒకటి వారి మనసులో ఉన్నాయి. రెండూ 2 బై 4 సైజే. దుకాణంలో ప్రివ్యూ చూసి గ్లాసీదే ఖాయం చేసుకుని, సందేహం తీర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చారు.

గీత ఎన్నిసార్లు తిరిగొస్తుంది

ముందు దీన్నే తేల్చుకోవాలి. మెరుపు నచ్చకపోతే తివాచీ పరుచుకోవచ్చు, తిరిగి తిరిగి కనబడే గీతను మాత్రం ఏమీ చేయలేం.

ఈ టైల్స్ మీది పాలరాయి గీతలు రాయివి కావు, అచ్చు వేసినవి. ఒక డిజైన్‌కు కంపెనీ కొన్ని వేర్వేరు ముఖాలను తయారుచేస్తుంది. దుకాణాల్లో వాటిని ఫేస్‌లు అంటారు. కొన్ని డిజైన్లకు నాలుగే ఉంటాయి, కొన్నింటికి ఆరు, ఎనిమిది, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. మన హాలుకు పొడవున 4, వెడల్పున 6, మొత్తం 24 నిండు టైల్స్ పడతాయి. ఫేస్‌లు నాలుగే అయితే ప్రతి ముఖమూ ఆరుసార్లు కనబడుతుంది. ఒక ముఖంలో రెండు పాయలుగా చీలిన ముదురు గీత ఉందనుకోండి, ఆ చీలిక నేలమీద ఆరుచోట్ల తేలుతుంది. అవి దూరదూరంగా పడితే ఎవరూ పట్టించుకోరు. పక్కపక్కనో, ఒకే వాలులోనో పడితే మాత్రం ఇంటికి వచ్చిన ప్రతివారి కన్నూ అక్కడే ఆగుతుంది.

కేటలాగు ప్రివ్యూ ఇక్కడ ఎక్కువగా మోసం చేస్తుంది, అయితే అది అబద్ధం చెప్పి చేసే మోసం కాదు. దాన్ని తయారుచేసిన మనిషి ఒక్కో ముఖాన్ని చూసి, తిప్పి, ఏ రెండూ కలవకుండా అమర్చుతాడు. మీ ఇంట్లో మేస్త్రీ పెట్టె విప్పి వచ్చిన టైల్‌ను వచ్చినట్టు వేసుకుంటూ పోతాడు. ఈ సైజులో పెట్టెకు రెండే టైల్స్ ఉంటాయి, ఆ రెండూ ఒకే ముఖం కావచ్చు. పైగా ప్రివ్యూలోని గదిలో ఒక గోడంతా అద్దమే, సామాను ఒక సోఫా మాత్రమే. టైల్స్ లెక్కపెట్టి చూడండి, పొడవున ఏడో ఎనిమిదో ఉంటాయి. అంటే అది ముప్పై అడుగుల గది. అంత విశాలమైన చోట హుందాగా కనబడిన గీత 12 అడుగుల వెడల్పులో గజిబిజిగా తోచవచ్చు.

ఫోను బొమ్మది వేరే లోపం. అది చాలావరకు ఒకటి రెండు ముఖాలనే తీసుకుని నేలంతా అచ్చు గుద్దినట్టు పరుస్తుంది. ఉన్న టైల్ కంటే అధ్వానంగా చూపిస్తుంది కాబట్టి, దాన్ని చూసి మంచి డిజైన్‌ను వదులుకున్నవారూ ఉన్నారు. సైజు కూడా అది ఊహించుకునేదే. గది కొలత ఇవ్వకపోతే టైల్‌ను అది తనకు తోచినంత పెద్దగానో చిన్నగానో పరిచేస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. పడకగది తలుపు వెడల్పు సాధారణంగా మూడడుగులు. తలుపు ముందున్న టైల్ నాలుగడుగుల వైపు ఆ తలుపు కంటే పొడవుగా కనబడాలి. తలుపు వెడల్పులో టైల్ పొడవు పూర్తిగా ఇమిడిపోయి కనబడితే ఆ బొమ్మలో సైజు తప్పు. సైజు తప్పిందంటే గీతల లెక్కా జాయింట్ల లెక్కా రెండూ తప్పినట్టే.

త్రీడీ బొమ్మ అయినంత మాత్రాన ఈ విషయంలో నమ్మేయనక్కర్లేదు. గీసేవారు తొందరలో ఒక్క ముఖాన్నే 24 సార్లు వేసి ఇస్తారు. బొమ్మ చేతికి రాగానే ఒక ముదురు మచ్చనో చీలికనో గుర్తుపెట్టుకుని, అది ఎన్నిచోట్ల ఉందో వేలుపెట్టి లెక్కించండి. దుకాణంలో ముఖాలు నాలుగని చెబితే బొమ్మలో అది ఆరుచోట్ల ఉండాలి. 24 చోట్లా ఉంటే వెనక్కి పంపి అన్ని ముఖాలతో గీయించుకోండి. ఒకే చోట ఉన్నా అనుమానించాల్సిందే, గీసినవారు నిజమైన టైల్‌ను వదిలేసి ఎక్కడిదో పెద్ద పాలరాయి పలక చిత్రాన్ని పరిచారన్నమాట.

ఆ కుటుంబానికి నాలుగు ముఖాలనూ నిటారుగా ఫొటో తీయించి, ఆ ఫొటోలతోనే నేలను కట్టాం. ఒక ముఖంలోని చీలిక కొట్టొచ్చినట్టు కనబడింది. ఆ ముఖాన్ని సగంచోట్ల తలకిందులు చేస్తే అది వేరే ముఖంలా మారిపోయింది. టైల్ వెనక బాణం గుర్తు ఉండి, అన్నీ ఒకే దిక్కుకు వేయమని కంపెనీ చెబితే ఇలా తిప్పడం కుదరదు. అందుకే ఆ గుర్తును బొమ్మ గీయకముందే చూసుకోవాలి.

2 బై 4 అనేది పేరు మాత్రమే

ఇది గీతల వరుసలోనే వచ్చే విషయమైనా, ప్రివ్యూ గానీ ఫోను బొమ్మ గానీ ఎన్నడూ చూపనిది. మా బొమ్మ చూడగానే మేస్త్రీ అన్న మాట ఇది: "అమ్మా, నాలుగడుగుల టైల్ అని అందరూ అంటారు గానీ, టేపు పెడితే నాలుగడుగులు ఎక్కడా రాదు." నిజమే. దాని అసలు కొలత 600 బై 1200 మిల్లీమీటర్లు. నాలుగడుగులంటే 1219 మిల్లీమీటర్లు. ఒక్క టైల్‌కు పంతొమ్మిది మిల్లీమీటర్లు పెద్ద తేడా కాదు, కానీ గది చివరికి వెళ్లేసరికి అది పేరుకుపోతుంది.

పదహారు అడుగులంటే 4877 మిల్లీమీటర్లు. నాలుగు టైల్స్, మధ్యలో 2 మిల్లీమీటర్ల జాయింట్లు మూడు కలిపితే 4806 అవుతుంది. ఇంకా 71 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడు అంగుళాలు ఖాళీ మిగులుతుంది. వెడల్పున ఆరు టైల్స్, ఐదు జాయింట్లు పోను 48 మిల్లీమీటర్లు మిగులుతుంది. గోడ అడుగున అంటించే స్కర్టింగ్ కింద దాగేది ఇందులో ఏ పదో పదిహేనో మిల్లీమీటర్లు. మిగిలినదంతా సన్నని పట్టీలా గోడ పొడవునా కనబడుతుంది. బొమ్మ గీసినవారు టైల్‌ను అడుగుల్లో పెడితే నాలుగు గోడలకూ నిండు టైల్స్ ఆని చక్కగా కూర్చుంటాయి. ఆ చక్కదనం మీ ఇంట్లో రాదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, వరుసలను గది మధ్యకు జరిపి రెండువైపులా సమానమైన ముక్కలు రానివ్వడం. అప్పుడు పొడవున మూడు నిండు టైల్స్, అటూ ఇటూ 634 మిల్లీమీటర్ల ముక్కలు వస్తాయి. వెడల్పున ఐదు నిండు టైల్స్, అటూ ఇటూ 323 మిల్లీమీటర్ల ముక్కలు. చూడటానికి ఇదే అందం. కానీ ముక్కలన్నీ సగం టైల్ కంటే పెద్దవి కాబట్టి ఒక టైల్ నుంచి రెండు ముక్కలు రావు. మొత్తం 35 టైల్స్ కావాలి. రెండో దారి, గుమ్మం వైపు నుంచి నిండు టైల్స్ మొదలుపెట్టి, సన్నని పట్టీలను కనబడని గోడలకు నెట్టడం. పట్టీలు రెండు టైల్స్ నుంచే కోయవచ్చు కాబట్టి 26తో అయిపోతుంది. స్కర్టింగ్‌కూ విరిగేవాటికీ అదనం ఎలాగూ ఉంటుంది. సన్నని పట్టీ కోసేటప్పుడు అంచు పెచ్చు లేస్తుందని మేస్త్రీ సణుగుతాడు, ఆ సణుగుడులో న్యాయం ఉంది.

ఈ కుటుంబం రెండు అమరికలనూ అసలు కొలతలతో గీయించుకుని పక్కపక్కన పెట్టి చూసింది. 71 మిల్లీమీటర్ల పట్టీ టీవీ బల్ల కిందికి, 48 మిల్లీమీటర్లది సోఫా వెనక్కి పోతున్నాయి. తొమ్మిది టైల్స్ మిగిలే దారినే ఎంచుకున్నారు. సామాను లేని ఖాళీ గది బొమ్మతో ఈ నిర్ణయం సాధ్యం కాదు. మీ సోఫా, మీ బల్ల ఎంత పొడవో గీసేవారికి చెప్పండి.

మెరుపు

మెరుపును బొమ్మలో చూసి తేల్చుకోవద్దు. ఇందులో నాకు సందేహం లేదు.

కారణం కెమెరా ఎత్తు. మెరిసే ఏ నేలనైనా నిట్టనిలువుగా వంగి చూస్తే ప్రతిబింబం తక్కువ. చూపు నేలకు సమాంతరం అవుతున్నకొద్దీ అది పెరుగుతుంది. మనిషి నిలబడితే కన్ను సుమారు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. పది అడుగుల దూరంలోని నేలను అక్కడి నుంచి చూస్తే, గాజులాంటి పాలిష్ ఉపరితలం తనమీద పడిన వెలుగులో సుమారు 11 శాతాన్ని అద్దంలా తిప్పి పంపుతుంది. అదే కెమెరాను రెండున్నర అడుగులకు దించితే ఆ వాటా 27 శాతం దాకా పోతుంది. చాలా ప్రివ్యూలు కింది నుంచి తీసినట్టు ఉండటానికి ఇదే కారణం. నేల చెరువులా మెరుస్తుంది, కొనేవారికి ముచ్చట వేస్తుంది. మీ ఇంట్లో అంత మెరుపు చూడాలంటే నేలమీద కూర్చోవాలి.

కాబట్టి త్రీడీ బొమ్మ గీయిస్తే కెమెరాను ఐదడుగుల ఎత్తులో పెట్టమని అడగండి. గదికి నిజంగా ఉన్న కిటికీనే, ఉన్న దిక్కులోనే పెట్టమనండి. సీలింగ్ దీపాలు ఎక్కడ వస్తాయో ఎలక్ట్రీషియన్ గుర్తులు చూసి పెట్టమనండి. గ్లాసీ నేలలో ప్రతి ఎల్ఈడీ దీపమూ తెల్లటి గుండ్రంగానో చదరంగానో కింద మళ్లీ కనబడుతుంది. టీవీకి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ చుక్క కంట్లో పడుతుందా లేదా అన్నది మాత్రం బొమ్మ సరిగ్గానే చెబుతుంది.

అబద్ధపు మెరుపును పట్టుకునే గుర్తు ఒకటుంది. బొమ్మలో కుర్చీ కాలి ప్రతిబింబాన్ని దగ్గరగా చూడండి. పాలిష్ టైల్‌లో అది కాలి కొసకు అంటుకుని, అంచులు తేటగా ఉంటుంది. కొంచెం మందమైన శాటిన్ టైల్‌లో కొస దగ్గర తేటగా మొదలై దూరం పోయేకొద్దీ చెదిరిపోతుంది. మ్యాట్ అయితే కాలి ప్రతిబింబమే ఉండదు, మహా అయితే ఒక మసక నీడ. ఇక జాయింట్ మీద ప్రతిబింబం తెగాలి, ఎందుకంటే గ్రౌట్ మెరవదు. రెండు టైల్స్ ఎంత నేర్పుగా వేసినా వెంట్రుకవాసి వాలు తేడా ఉంటుంది కాబట్టి ప్రతిబింబం జాయింట్ దాటాక కొద్దిగా పక్కకు జరగాలి కూడా. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు కిటికీ ప్రతిబింబం ఒకే గాజుపలక మీద పడ్డట్టు సాగితే, జాయింట్ గీతలు తర్వాత పైన గీసినవని అర్థం.

ఫోను బొమ్మను మెరుపు విషయంలో చూడనే వద్దు. అది పాత నేల మీది వెలుగునీడలనే కొత్త టైల్ మీద కప్పుతుంది. గచ్చు నేల ఫొటో ఇస్తే ఎంత పాలిష్ టైల్ అయినా కాగితంలా కనబడుతుంది.

మెరుపుకు సరైన పరీక్ష అసలు టైల్‌తోనే. రెండు నిండు టైల్స్, ఒకటి గ్లాసీ, ఒకటి మ్యాట్, ఇంటికి తెచ్చి కిటికీకి ఎదురుగా నేలమీద పరచండి. మధ్యాహ్నం ఒకసారి, దీపాలు వేశాక ఒకసారి గుమ్మంలో నిలబడి చూడండి. తడి పాదంతో ఒకసారి తొక్కి ఆరనివ్వండి. మన ఎర్రమట్టి దుమ్ము ముదురు రంగు గ్లాసీ మీద ఎలా అచ్చు పడుతుందో ఏ కంప్యూటర్ బొమ్మా చూపదు. ఈ ఇంట్లో పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. తడి టైల్ మీద ఆమె కాలు పెట్టి చూశాకే గుమ్మం ముందు భాగానికీ వంటగదికీ మ్యాట్ ఖాయమైంది. హాలుకు గ్లాసీ నిలిచింది.

జాయింట్ గీత

ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇది తెలిస్తే సగం అపోహలు పోతాయి. పదహారు అడుగుల గది అంతా పట్టే బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు, అంటే తెరమీది చుక్కలు, అనుకుందాం. ఒక్కో చుక్కకు రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. జాయింట్ రెండు మిల్లీమీటర్లే, అంటే ఒక చుక్క కంటే సన్నం. గది మొత్తం చూపే బొమ్మలో అది మసక గీతగా మిగులుతుంది, లేదా మాయమవుతుంది. గీత స్పష్టంగా నల్లగా కనబడుతుంటే గీసినవారు దాన్ని ఐదారు మిల్లీమీటర్లకు లావు చేశారన్నమాట. రెండూ నిజం కాదు.

అందుకే జాయింట్ కోసం విడిగా ఒక దగ్గరి బొమ్మ అడగాలి. నాలుగడుగుల నేల మాత్రమే పట్టేలా తీస్తే అదే రెండు మిల్లీమీటర్లు మూడు చుక్కల వెడల్పు వస్తుంది. అప్పుడు గ్రౌట్ రంగును పోల్చుకోవచ్చు. దంతపు రంగు టైల్‌కు అదే దంతపు గ్రౌట్, లేత బూడిద, ముదురు బూడిద మూడింటినీ గీసి చూపించాను. తొలిచూపులో అందరికీ దంతపు రంగే నచ్చింది, నేలంతా ఒకే పలకలా ఉందని. కానీ బొమ్మ చూపేది మొదటి రోజు గ్రౌట్‌ను. సిమెంటు గ్రౌట్ తడిగుడ్డ నీళ్లను పీల్చుకుని, నడిచే దారిలో ముందుగా మాసిపోతుంది. కొన్నాళ్లకు గుమ్మం నుంచి వంటింటి దాకా గోధుమరంగు గీతలు, సోఫా కింద తెల్లని గీతలు ఉంటాయి. లేత రంగే కావాలంటే నీరు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ వాడాలి. సిమెంటు గ్రౌట్ అయితే టైల్‌లోని బూడిద గీత రంగుకు దగ్గరగా ఎంచుకోవాలి. వారు ఎపాక్సీలో లేత బూడిద తీసుకున్నారు.

జాయింట్ కనబడని ప్రివ్యూలు ఇంకో నష్టం కూడా చేస్తున్నాయి. వాటిని చూసి వచ్చినవారు మేస్త్రీని పేపర్ జాయింట్ వేయమంటున్నారు, అంటే టైల్‌కు టైల్ ఆనించి వేయడం. మన ఎండాకాలంలో నేల వేడెక్కి సాగినప్పుడు టైల్స్‌కు కదలడానికి చోటు లేక ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒకరోజు పెద్ద చప్పుడుతో రెండు టైల్స్ గుడిసె కప్పులా పైకి లేస్తాయి. టైల్స్ మధ్య సందు నిలిపే స్పేసర్లు పెట్టి కనీసం రెండు మిల్లీమీటర్లు వదలమనండి, గోడల దగ్గర స్కర్టింగ్ కింద కూడా సందు ఉంచమనండి. బొమ్మలోనూ ఆ రెండు మిల్లీమీటర్లే వేయించుకోండి.

ఎవరికి ఏది

బడ్జెట్ బిగువుగా ఉండి, డిజైన్ ముఖాలు ఎనిమిదికి పైగా ఉంటే త్రీడీ బొమ్మ మానేయండి. రంగుల పొందిక కోసం ఫోను బొమ్మ చాలు. గోడ రంగుకు ఏది నప్పుతుంది, లేతదా ముదురుదా అన్నంతవరకు అది బాగానే పనికొస్తుంది, పైగా పది టైల్స్‌ను పది నిమిషాల్లో వడపోయవచ్చు. ఆ వడపోతలో నిలిచిన రెండింటిని ఇంటికి తెచ్చుకుని మెరుపు చూసుకోండి. కేటలాగు ప్రివ్యూను డిజైన్ పేరు, ముఖాల సంఖ్య తెలుసుకోవడానికి వాడుకుని పక్కన పెట్టండి.

ముఖాలు నాలుగే ఉన్నా, గీతలు ముదురుగా ఉన్నా, గది కొలతలు టైల్‌కు పొసగకపోయినా త్రీడీ బొమ్మకు ఖర్చు పెట్టడం దండగ కాదు. పైనుంచి చూసే అమరిక ఒకటి, నిలుచున్న ఎత్తు నుంచి గది ఒకటి, దగ్గరి నేల ఒకటి, ఈ మూడు చాలు. తిరిగే వీడియో, పూలకుండీలు, పిల్లి, టీ కప్పు అక్కర్లేదు. కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి గ్రానైట్ వేయిస్తున్నవారికి ఈ ముఖాల గొడవే లేదు. అయితే ఒక పలక మరో పలకలా ఉండదు కాబట్టి, యార్డులో మీరు ఎంచుకున్న పలకల ఫొటోలతోనే బొమ్మ కట్టించాలి. కేటలాగు గ్రానైట్ చిత్రంతో కట్టినది పనికిరాదు.

పైనుంచి చూసే అమరికను పెద్ద కాగితం మీద ముద్రించి, ప్రతి టైల్ మీద ముఖం సంఖ్య, తలకిందులు అయితే బాణం గుర్తు వేసి మేస్త్రీకి ఇవ్వండి. పెట్టెలన్నీ ఒకేసారి విప్పించి, వాటిమీది షేడ్ నంబరు ఒకటేనని సరిచూసుకుని, ముఖాలవారీగా నాలుగు దొంతులు పెట్టించండి. ఆ తర్వాత సిమెంటు లేకుండా రెండు వరుసలు పరిపించి గుమ్మంలో నుంచి చూడండి. ఏ చీలికైనా పక్కపక్కన పడితే అప్పుడే చేత్తో ఎత్తి మార్చుకోవచ్చు. ఆ ఇంట్లో అలా మూడో వరుసకు అనుకున్న టైల్‌ను మొదటి వరుసలోకి మార్చి, ఆ మార్పును కాగితం మీద పెన్సిల్‌తో దిద్దాకే మేస్త్రీ సిమెంటు కలిపాడు.